పోయిన ప్యాకెట్ కోసం ఆగాలా, వద్దా?

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో ఉన్న పిల్లలతో వీడియో కాల్ మాట్లాడుతుంటే ఉన్నట్టుండి బొమ్మ గళ్లు గళ్లుగా చెదిరిపోవడం, గొంతు ఒక్క క్షణం డబ్బాలోంచి వచ్చినట్టు మారిపోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. అదే ఫోన్లో, అదే నెట్‌తో పది ఎంబీల పీడీఎఫ్ దించుకుంటే మాత్రం ఒక్క అక్షరం కూడా చెరగదు. నెట్ ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎందుకొస్తోంది?

నెట్‌లో ఏది పంపినా చిన్న చిన్న ప్యాకెట్లుగానే వెళ్తుంది. పది ఎంబీల ఫైలంటే దాదాపు 7 వేల ప్యాకెట్లు. దారిలో ఏ రౌటర్ దగ్గరో రద్దీ ఎక్కువైతే అది కొన్నింటిని వదిలేస్తుంది. ప్యాకెట్లు పంపడానికి టీసీపీ, యూడీపీ అని రెండు పద్ధతులున్నాయి. అలా పోయినదాన్ని ఏం చేయాలన్న దగ్గరే ఆ రెండూ వేరైపోతాయి.

టీసీపీ ప్రతి బైటుకూ లెక్క ఉంచుతుంది. అందినవాటికి అవతలి వైపు నుంచి రసీదు రావాలి, రాకపోతే మళ్లీ పంపుతుంది, పైగా అన్నింటినీ వరసలోనే యాప్‌కి అందిస్తుంది. యూడీపీకి ఇవేవీ లేవు. పంపడం వరకే దాని పని, అందిందో లేదో అడగదు.

ఒక్క ప్యాకెట్ పోతే ఏమవుతుందో చూద్దాం. హైదరాబాద్ నుంచి న్యూజెర్సీకి ఒక ప్యాకెట్ వెళ్లి, దాని జవాబు తిరిగి రావడానికి సుమారు పావు సెకను, అంటే 250 మిల్లీసెకన్లు పడుతుందనుకోండి. కాల్‌లో మన మాటని సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి పంపుతారు, అంటే సెకనుకు 50 ప్యాకెట్లు. అందులో నూరో ప్యాకెట్ పోయింది. ఈ కాల్ టీసీపీ మీద నడుస్తుంటే, 101, 102, 103 చేరాక అవతలి ఫోన్ మూడోసారి "నాకింకా 100 రాలేదు" అని కబురు పెడుతుంది, అప్పటికి 60 మిల్లీసెకన్లు గడిచాయి. ఆ కబురు ఇక్కడికి రావాలి, నూరోది మళ్లీ బయల్దేరి అక్కడికి చేరాలి, దానికి ఇంకో 250. మొత్తం 310. ఈలోగా ఓ పదిహేను ప్యాకెట్లు క్షేమంగా చేరిపోయి కూడా నూరోది లేదన్న ఒకే కారణంతో లోపల ఆగిపోయి ఉంటాయి, యాప్‌కి ఒక్కటీ అందదు. పోయింది 20 మిల్లీసెకన్ల మాటే, ఆగింది దానికి పదిహేను రెట్లు. ఫైలు దించుకునేటప్పుడు ఈ ఆలస్యాన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ సంభాషణలో అటూ ఇటూ ఒకేసారి మాట్లాడి, "నువ్వు చెప్పు", "లేదు నువ్వే చెప్పు" అనుకునే గందరగోళం సరిగ్గా ఇలాంటి ఆలస్యం వల్లే వస్తుంది.

అందుకే కాల్స్‌కి యూడీపీ. నూరోది పోతే 101 వెంటనే యాప్ చేతికొస్తుంది, ఆ చిన్న ఖాళీని ముందు వెనకల శబ్దాన్ని బట్టి యాపే ఊహించి పూడుస్తుంది. ఒకటీ అరా పోతే చెవికి తెలియదు కూడా, వరసగా నాలుగైదు పోయినప్పుడే ఆ డబ్బా గొంతు. బొమ్మ సంగతి కొంచెం వేరు, ప్రతి ఫ్రేమూ ముందుదాని మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి ఒక ముక్క పోతే ఆ చెదురు తర్వాతి ఫ్రేముల్లోకీ పాకుతుంది, అప్పుడు యాప్ "మొత్తం బొమ్మ కొత్తగా పంపు" అని అడుగుతుంది. మళ్లీ అడగాలా, వదిలేయాలా అన్న నిర్ణయం యాప్ చేతిలో ఉండటమే యూడీపీతో వచ్చే అసలు లాభం.

ఈ గొడవ కొత్తది కూడా కాదు. 1970లలో టీసీపీ ఒక్కటే అన్ని పనులూ చేసేలా ఉండేది. నెట్‌వర్క్ మీద గొంతు పంపే ప్రయోగాలు చేస్తున్న డానీ కోహెన్ లాంటివాళ్లు, మాకు ఆలస్యంగా వచ్చే మాట పనికిరాదని పట్టుబట్టారు. 1978లో టీసీపీ నుంచి, ప్యాకెట్లని చిరునామాకి చేర్చే పని వరకే చూసే ఐపీని విడదీశారు, 1980లో జాన్ పోస్టెల్ యూడీపీ నియమాలు రాశారు, అన్నీ కలిపి మూడే పేజీలు.

ఇక్కడ ఒక మాట. యూట్యూబ్‌లో పాత వీడియో చూడటం కాల్ లాంటిది కాదు, అక్కడ కొన్ని సెకన్ల బొమ్మ ముందే దించి పెట్టుకోవచ్చు, కాబట్టి పోయినదాన్ని మళ్లీ తెప్పించుకునే తీరిక ఉంటుంది.

కొన్ని ఆఫీసుల్లో నెట్ రాకపోకలకు కాపలా కాసే ఫైర్‌వాల్ యూడీపీని ఆపేస్తుంది. అప్పుడు చాలా కాల్ యాప్‌లు గత్యంతరం లేక టీసీపీకి మారతాయి. నెట్ స్పీడ్ బాగానే ఉన్నా గొంతు చెదరకుండా, పూర్తిగా ఆగిపోయి, కాసేపటికి మాటలన్నీ గబగబా ఒక్కసారి వచ్చి పడుతున్నాయంటే అనుమానించాల్సింది దీన్నే. ఒకసారి ఆఫీసు వైఫై ఆపి మొబైల్ డేటాతో అదే కాల్ చేసి చూడండి. తేడా వెంటనే వినిపిస్తే, మీ ఐటీ వాళ్లని యూడీపీ తెరిచి ఉందా అని అడగండి.