మ వినిపిస్తుంది, పెదవులు మాత్రం కలవవు

అందరికీ నమస్కారం. ఇక్కడ పర్లాకిమిడిలో ఒకే 3D బొమ్మ పెదవులను మాటకు తగ్గట్టు కదిలిస్తూ తెలుగూ ఒడియా రెండూ పలికించాల్సి వస్తుంది. అందుకని ఈ ఊరి పేరునే ఉదాహరణగా తీసుకుందాం.

బ్లెండ్ షేప్ అంటే, మామూలు ముఖం నుంచి ఒక్కో వెర్టెక్స్, అంటే మోడల్ మీది ఒక్కో బిందువు, ఎంత జరిగిందన్న లెక్క. అందుకే ప్రతి షేపునూ నోరు మూసి ఉన్న ముఖం కాపీ మీదే చెక్కాలి. వెర్టెక్సుల సంఖ్య గానీ వరుస గానీ మారితే, స్లైడర్ జరపగానే ముఖం నలిగిన కాగితంలా అయిపోతుంది.

ఇక ఏ ధ్వనికి ఏ షేపు? విజీమ్ అంటే ఒక ధ్వనికి తగ్గ నోటి ఆకారం. ఎక్కువమంది వాడే 15 విజీమ్‌ల పట్టికలో ప, బ, మ మూడూ PP కిందికే వస్తాయి. త, ద లను మాత్రం TH కి కట్టకండి. అందులో నాలుక పళ్ళ మధ్యకొస్తుంది, మన త లో పై పళ్ళ వెనకే ఆగుతుంది. DD చాలు. వ కి FF సగం లోపే ఇవ్వండి, నిండుగా ఇస్తే ఫ అన్నట్టుంటుంది. అ దగ్గర రెండు భాషలూ విడిపోతాయి: తెలుగు అ కి aa కొద్దిగా, ఒడియా అ పెదవులు గుండ్రంగా చేసి పలికేది కాబట్టి oh. రిగ్ ఒకటే, పట్టికలు రెండు.

అసలు చిక్కు ఈ షేపుల కదలికను నునుపు చేసేటప్పుడు వస్తుంది. సెకనుకు 24 ఫ్రేములైతే, 'పర్లాకిమిడి'లో మ కోసం పెదవులు మూసుకునేది సుమారు 2 ఫ్రేములు. కుదుపు పోవాలని 5 ఫ్రేముల సగటు తీశారనుకోండి. PP 1 అయితేనే పెదవులు పూర్తిగా కలుస్తాయి, కానీ 2 ని 5 తో భాగిస్తే అది 0.4 దాటదు. మాట వినిపిస్తుంది, పెదవుల మధ్య సందు మిగిలిపోతుంది. 'అమ్మ'లో ద్విత్వం 4 ఫ్రేములుంటే 0.8 వరకు వెళ్తుంది, అందుకే అక్కడ తప్పు సులువుగా దొరకదు. పరీక్షకు ఒంటి మ ఉన్న మాటే పెట్టుకోండి.

కాబట్టి అచ్చులకూ దవడకూ మాత్రమే ఆ సగటు వాడండి. PP ని విడిగా ఉంచి, ఎక్కడానికి ఒక ఫ్రేము, దిగడానికి ఒక ఫ్రేము ఇచ్చి, మధ్యలో 1 దగ్గర నిలపండి. అంతటితో అయిపోదు. PP మూసిన నోటి మీద చెక్కింది. అప్పటికే దవడ 0.5 దిగి ఉంటే రెండు కదలికలూ కూడి, నోరు మళ్ళీ తెరుచుకునే ఉంటుంది. అందుకని:

```
jaw = jaw_smooth * (1 - PP)
aa  = aa_smooth  * (1 - PP)
```

దవడ మరీ టకటకా కొట్టుకున్నట్టు అనిపిస్తే ఈ గుణకం వదిలేసి, దవడ దిగి ఉండగానే పెదవులు కలిపే దిద్దుబాటు షేపు ఒకటి చెక్కండి. పని ఎక్కువే గానీ, దగ్గరి షాట్లకు నేను దాన్నే ఎంచుకుంటాను.

అయ్యాక ధ్వని ఆపేసి, ప, బ, మ ఉన్న ఫ్రేముల దగ్గర ఒక్కొక్కటిగా ఆగి చూడండి. ఒక్క ఫ్రేములోనైనా పెదవులు పూర్తిగా ఆనలేదంటే, ఆ PP మళ్ళీ సగటులోకి దూరిందన్నమాట, లేదా దవడ ఇంకా దిగే ఉందన్నమాట.