పిల్లి బెదురుకి ఫెరోమోన్ డిఫ్యూజర్ ఎంతవరకు పనిచేస్తుంది?

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో పిల్లి నడుస్తూ నడుస్తూ సోఫా మూలకో, తలుపు చెక్కకో బుగ్గ రాసుకుని పోతుంది. గోకుడు పుట్టిందేమో అనుకుంటాం. నిజానికి దాని బుగ్గల్లో, గడ్డం కింద ఉన్న గ్రంథుల నుంచి వచ్చే పదార్థాన్ని అది అక్కడ పూస్తోంది. ఆ పూత పిల్లికి ‘ఇది నాకు తెలిసిన చోటు’ అనే గుర్తు. ఇలా కబురు మోసే ఒంటి స్రావాలనే ఫెరోమోన్లు అంటారు. 1990లలో పాట్రిక్ పజా అనే ఫ్రెంచి పశువైద్యుడు ఈ ముఖస్రావాలను అయిదు రకాలుగా విడదీశారు. వస్తువులకు రాసే మూడో రకానికి ఎఫ్3 అని పేరు. దాని కృత్రిమ నకలే ఫెలివే పేరుతో దొరికే, ఆవిరిని గాలిలోకి వదిలే డిఫ్యూజర్లలో ఉంటుంది.

ఈ నకలు మనకు ఏ వాసనా వెయ్యదు. పిల్లికి పై ముందు పళ్ల వెనక, అంగుట్లో రెండు సన్నని రంధ్రాలున్నాయి. వాటి పైన ఫెరోమోన్లను పసిగట్టే ప్రత్యేక అవయవం ఉంది. పిల్లి ఒక్కోసారి ఏదో వాసన చూసి నోరు కొంచెం తెరిచి, మొహం ముడిచి అలాగే ఉండిపోతుంది చూశారా, గాలిలో ఉన్నదాన్ని ఆ అవయవానికి అందించడమే ఆ పని. డిఫ్యూజర్ మత్తుమందు కాదు. పిల్లికి నిద్ర తెప్పించదు, రక్తంలో కలిసి నరాలను మందగింపజేయదు. ‘ఈ గది తెలిసిన గదే’ అన్న కబురు మాత్రం గాలిలో పెడుతుంది. దాని బలం, దాని బలహీనత రెండూ ఇక్కడే ఉన్నాయి.

యంత్రం మనకు కొత్తదేమీ కాదు. దోమల లిక్విడ్ మెషిన్ లాంటిదే: సీసా, వత్తి, వేడెక్కే చిన్న రింగు. సీసాలో 48 మిల్లీలీటర్లు, నెల రోజులకు సరిపోతుంది. ఒక్కటి 50 నుంచి 70 చదరపు మీటర్లకు, అంటే సుమారు 540 నుంచి 750 చదరపు అడుగులకు చాలుతుందని తయారీదారుల లెక్క.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విశాఖ ఎంవీపీ కాలనీలో రెండో అంతస్తు, 850 చదరపు అడుగుల ఫ్లాట్. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన మూడేళ్ల మగపిల్లి. కొన్నాళ్లుగా సాయంత్రమయ్యేసరికి వీధి గండుపిల్లి ఒకటి బాల్కనీ గ్రిల్ దాకా వస్తోంది. అప్పటి నుంచి బాల్కనీ కర్టెన్ కింద, సోఫా పక్కన మూత్రం మరకలు పడుతున్నాయి.

సీసా కొనే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. పిల్లి నిలబడి, తోక పైకెత్తి అదిలిస్తూ నిలువు వస్తువు మీద కొద్దిగా చిమ్మితే అది హద్దు గుర్తు. కూర్చుని నేల మీద, పరుపు మీద ఎక్కువగా పోస్తే లిట్టర్ ట్రే నచ్చలేదనో, జబ్బనో అర్థం. ఇక మగపిల్లి మాటిమాటికీ ట్రేలోకి వెళ్లి ముక్కుతూ చుక్క కూడా రాకుండా బయటికొస్తే మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోయే స్థితి అది. రాత్రయినా సరే వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. అప్పుడు డిఫ్యూజర్ మాటే ఎత్తకూడదు.

మన ఉదాహరణలోది హద్దు గుర్తే అనుకుందాం. ముందు రెండు వారాలు గోడ క్యాలెండర్ మీద రోజూ ఎన్ని మరకలో రాయాలి. పద్దెనిమిది వచ్చాయనుకోండి. ఈ పని విసుగే గానీ ఇది లేకపోతే తర్వాత ఏమీ తెలియదు. బెదురు దానంతటదే ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. మనం సీసా కొనేది బాగా ఎక్కినప్పుడే కాబట్టి ఆ తర్వాత తగ్గినదంతా సీసా గొప్పే అనిపిస్తుంది.

తర్వాత యంత్రాన్ని హాల్లో, పిల్లి ఎక్కువసేపు ఉండే చోట పెట్టాలి. సోఫా వెనకో, కర్టెన్ కిందో, తలుపు చాటునో ఉన్న ప్లగ్గులో పెడితే ఆవిరి అక్కడే ఆగి గుడ్డకు, చెక్కకు పట్టుకుంటుంది. మన విశాఖలో ఇంకో చిక్కుంది. సముద్రపు గాలి కోసం బాల్కనీ తలుపు తీసి, పైన ఫ్యాను పెడితే గదిలోది గదిలో నిలవదు. మరకలు పడేది సాయంత్రమే కాబట్టి కనీసం ఆ వేళయినా బాల్కనీ తలుపు మూసి ఉంచాలి. పడగ్గది తలుపు మూస్తే అక్కడికి ఏమీ చేరదు, అక్కడా మరకలు పడుతుంటే ఇంకో యంత్రం కావాలి. విదేశం నుంచి తెప్పించుకుంటే దాని మీద 230 వోల్టులు అని ఉందో లేదో చూడండి. అమెరికాలో వాడేవి 120 వోల్టులవి, మన ప్లగ్గులో పెడితే కాలిపోతాయి.

ఇది రాత్రీ పగలూ వెలుగుతూనే ఉండాలి. సీసా మీద పెన్నుతో మట్టం గీత గీయండి. నెలకు 48 మిల్లీలీటర్లంటే వారానికి పదకొండు, దాదాపు పావు సీసా తగ్గాలి. తగ్గలేదంటే ప్లగ్గు వదులైందో, ఎవరో స్విచ్ ఆపేస్తున్నారో, వత్తి చెడిందో. యంత్రం పాతబడితే వేడి మందగిస్తుంది కాబట్టి ఆరు నెలలకోసారి దాన్నీ మార్చాలి.

సీసా ఒక్కటే పెట్టి కూర్చుంటే మాత్రం డబ్బు దండగ. పాత మరక వాసన ఉన్నంత కాలం పిల్లి అక్కడికే వస్తుంది. మనవాళ్ల చేయి ముందు ఫినాయిల్ మీదకి పోతుంది. అది వద్దు, ఫినాల్ జాతి పదార్థాలు పిల్లికి విషం. ఎంజైమ్ క్లీనర్ వాడాలి. పిల్లి బుగ్గ రాసిన మూలలను మాత్రం తడిగుడ్డతో తుడవకండి, అవి దాని సొంత ఎఫ్3 గుర్తులు. గండుపిల్లి కనపడకుండా బాల్కనీ అద్దానికి కింది రెండడుగులూ కాగితం అంటించాలి. నా లెక్కలో ఈ కాగితానికి సీసా కంటే ఎక్కువ మార్కులు. పిల్లికి ఆపరేషన్ కాకపోతే ముందు అది చేయించాలి. దానితోనే పది మగపిల్లుల్లో సుమారు తొమ్మిదింటికి చిమ్మడం ఆగిపోవడమో, బాగా తగ్గడమో జరుగుతుంది.

మరి రుజువులు? మూత్రం చిమ్మడం మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2011లో లెక్కగడితే, ఉత్తుత్తి మందు కంటే ఫెరోమోన్ మెరుగని తేలింది. అంతకు ఏడాది ముందు అమెరికా పశువైద్య పత్రికలో వచ్చిన సమీక్ష మాత్రం పిల్లుల ఇతర సమస్యల విషయంలో రుజువు చాలదంది. ఒకే ఇంట్లో పిల్లుల కొట్లాటలకు వేరే సీసా ఉంది, పాలిచ్చే తల్లిపిల్లి ఫెరోమోన్ నకలు అది. 2019లో అచ్చయిన 28 రోజుల పరీక్షలో ఆ సీసా పెట్టిన ఇళ్లలో కొట్లాటలు తగ్గాయి. ఉత్తుత్తి మందు పెట్టిన ఇళ్లలోనూ తగ్గాయి, కాకపోతే కొంచెం తక్కువగా. రెండు రకాల ఇళ్లవాళ్లకూ పిల్లులతో ఎలా మెలగాలో ముందే చెప్పారు మరి.

దీపావళి టపాసులకు దీన్ని నమ్ముకోకండి. తెలిసిన చోటే అన్న కబురు బాంబు మోతకు ఆగదు. ఆ రాత్రికి లోపలి గదిలో, గుడ్డ కప్పిన అట్టపెట్టె దానికి ఎక్కువ ఆసరా. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే బుట్టకయితే స్ప్రే రకం వాడాలి. పిల్లిని ఎక్కించడానికి పావుగంట ముందే కొట్టాలి, ఎందుకంటే అందులోని ఆల్కహాల్ ఆరకముందు ఎక్కిస్తే ఆ ఘాటుకే బుట్టంటే అసహ్యం పుడుతుంది.

మళ్లీ క్యాలెండర్ దగ్గరికి వద్దాం. నెల తిరిగాక చివరి రెండు వారాల మరకలు లెక్కపెట్టండి. పద్దెనిమిది కాస్తా అయిదో ఆరో అయితే ఇంకో సీసా కొనండి. పదిహేను దగ్గరే ఉంటే రెండోది కొనకుండా ఆ క్యాలెండర్ తీసుకుని డాక్టరును కలవండి.