డెమో వీడియో చూసినవాళ్ళే ఎక్కువ కొంటున్నారా?

అందరికీ నమస్కారం.

ఆన్‌లైన్‌లో సరుకు అమ్మే మీలో చాలామంది ప్రొడక్ట్ పేజీలో డెమో వీడియో పెట్టే ఉంటారు, లేదా పెట్టాలన్న ఆలోచనలో ఉంటారు. వీడియో ఎలా తీయాలో ఇవాళ చెప్పబోవడం లేదు. పెట్టాక దానివల్ల అదనంగా ఎంతమంది కార్ట్‌లో వేసుకున్నారు, ఎంతమంది కొన్నారు అన్నది ఎలా లెక్కగట్టాలో మాట్లాడుకుందాం. ఈ లెక్కలో దాదాపు అందరూ ఒకే చోట పొరపడతారు. నా సమయంలో ఎక్కువ భాగం అక్కడే గడుపుతాను.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. అంకెలు నేను వేసుకున్నవే, లెక్క తేలికగా కుదరడం కోసం. సొంత వెబ్‌సైట్‌లో వంటింటి సామాన్లు అమ్మే ఒక వ్యాపారి ఉన్నాడు. రెండు లీటర్ల టేబుల్‌టాప్ వెట్ గ్రైండర్ పేజీలో నిమిషం వీడియో పెట్టాడు. నానబెట్టిన మినప్పప్పు పోయడం, గ్రైండర్ తిరిగేటప్పుడు ఎంత చప్పుడు చేస్తుందో వినిపించడం, పిండి తీయడం, చివర్లో రాళ్ళు పైకి తీసి కడగడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. కొనేవాళ్ళకి ఉండే అనుమానాలు కూడా అవే. ఫొటో చూస్తే చప్పుడు వినపడదు, కడగడం ఎంత కష్టమో తెలియదు. కాబట్టి వీడియో ఇక్కడ పనిచేయడానికి కారణం ఉంది. ఎంత పనిచేసింది అన్నదే ప్రశ్న.

వీడియో ఉన్న పేజీకి 10,000 మంది వచ్చారు. అందులో 2,200 మంది ప్లే నొక్కారు. ప్లే నొక్కినవాళ్ళలో 286 మంది, అంటే 13 శాతం, గ్రైండర్‌ని కార్ట్‌లో వేసుకున్నారు. నొక్కని 7,800 మందిలో 390 మంది వేసుకున్నారు, అంటే 5 శాతం. రిపోర్టు చూడగానే ఎవరైనా ఏమంటారు? 'వీడియో చూసినవాళ్ళు రెండున్నర రెట్లు ఎక్కువగా కార్ట్‌లో వేసుకుంటున్నారు, ఇంక అన్ని సరుకులకీ వీడియోలు తీయించేద్దాం' అంటారు. వీడియోలు తీసిపెట్టే ఏజెన్సీ కూడా మీకు ఇదే అంకె చూపిస్తుంది.

ఈ అంకె తప్పు కాదు, దాన్నుంచి తీసిన అర్థం తప్పు. కొట్లోకి వచ్చినవాళ్ళలో 'ఒకసారి ఆన్ చేసి చూపించండి' అని అడిగేవాడు అప్పటికే సగం కొనే ఉద్దేశంతో ఉంటాడు. ఊరికే ధర చూసి వెళ్ళిపోయేవాడు అడగడు. ప్లే బటన్ విషయమూ అంతే. నొక్కినవాళ్ళు వేరే రకం మనుషులు. వీడియో లేకపోయినా వాళ్ళు ఎక్కువగానే కొనేవాళ్ళు. మనకి కావలసింది ఆ 'లేకపోయినా' అన్న మాటకి ఒక అంకె.

అది తెలియాలంటే అదే రోజుల్లో, అదే ధరకి, వీడియో లేని పేజీ కొందరికి చూపించాలి. ఎవరికి ఏది అన్నది మీరూ నిర్ణయించకూడదు, వచ్చినవాళ్ళూ ఎంచుకోకూడదు. చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా పడాలి. మనిషి మొదటిసారి పేజీకి రాగానే ఏ గ్రూపో తేలాలి, తర్వాత ఎన్నిసార్లు వచ్చినా అదే గ్రూపులో ఉండాలి. వీడియో లేని పేజీలో ఆ స్థలం ఖాళీ పెట్టెలా కనపడకూడదు, మామూలు ఫొటో ఉండాలి.

మన వ్యాపారి అలాగే చేశాడనుకుందాం. వీడియో లేని పేజీకి కూడా 10,000 మంది వచ్చారు. వాళ్ళలో 600 మంది కార్ట్‌లో వేసుకున్నారు, అంటే 6 శాతం. వీడియో ఉన్న గ్రూపులో మొత్తం ఎంతమంది? 286కి 390 కలిపితే 676, అంటే 6.76 శాతం. నొక్కినవాళ్ళనీ నొక్కనివాళ్ళనీ కలిపే లెక్కపెట్టాలి. ఎందుకంటే రెండో గ్రూపులో ఎవరు నొక్కేవాళ్ళో మనం విడదీయలేం కదా. తేడా 76 మంది.

ఇప్పుడు ఆ 286 మందిని మళ్ళీ చూడండి. ప్లే నొక్కనివాళ్ళ మీద వీడియో ప్రభావం ఏమీ లేదనుకుంటే, ఈ 286 మందిలో 76 మంది మాత్రమే వీడియోవల్ల వచ్చినవాళ్ళు. మిగతా 210 మంది ఎలాగూ వేసుకునేవాళ్ళే. అంటే ప్లే నొక్కే రకం మనుషులు వీడియో లేకపోయినా 9.5 శాతం చొప్పున కార్ట్‌లో వేసుకునేవాళ్ళు. వీడియో దాన్ని 13కి తీసుకెళ్ళింది. ఇది మంచి ఫలితమే, చిన్నది కాదు. కానీ 5 నుంచి 13కి తీసుకెళ్ళింది అనడానికీ దీనికీ చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని నమ్ముకుని వీడియోల మీద డబ్బు పెడితే, ఎంత పెట్టాలన్న లెక్కే తప్పుతుంది.

ఈ 76 కూడా కచ్చితమైన అంకె కాదు. యాదృచ్ఛికంగా పంచినప్పుడు కొంత హెచ్చుతగ్గు సహజం. 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే అసలు తేడా 0.08 నుంచి 1.44 శాతం పాయింట్ల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. సున్నాకి పైనే ఉంది కాబట్టి వీడియో కార్ట్‌కి సాయం చేసిందని చెప్పొచ్చు, అంతే.

ఇంక కొనుగోళ్ళ దగ్గరికి వద్దాం. వీడియో లేని గ్రూపులో 150 ఆర్డర్లు, ఉన్న గ్రూపులో 162. ఇక్కడ కొందరు కార్ట్ నుంచి కొనుగోలుకి ఎంత శాతం వెళ్ళారో చూస్తారు. 600లో 150 అంటే 25 శాతం, 676లో 162 అంటే 24 శాతం. 'అరె, వీడియో కొనుగోళ్ళని తగ్గించిందే' అని కంగారు పడతారు. అలా కాదు. వీడియోవల్ల కొత్తగా కార్ట్‌లోకి వచ్చినవాళ్ళు కాస్త తక్కువ పట్టుదల ఉన్నవాళ్ళు, అందుకే ఆ శాతం జారుతుంది. పేజీకి వచ్చిన 10,000 మంది మీదే లెక్క వేయాలి. 1.5 శాతం, 1.62 శాతం. తేడా 0.12 పాయింట్లు.

ఈ తేడాని నమ్మొచ్చా? దాని పరిధి మైనస్ 0.22 నుంచి ప్లస్ 0.46 వరకు ఉంటుంది. అంటే ఏమీ తేలలేదు. ఇంత చిన్న తేడాని నిజంగా పట్టుకోవాలంటే ఎంతమంది కావాలో ఒక మోటు సూత్రం ఉంది. ప్రస్తుత శాతాన్ని `p` అనీ, పట్టుకోవాలనుకున్న తేడాని `d` అనీ అనుకుంటే, ఒక్కో గ్రూపుకి కావలసిన మనుషులు సుమారుగా `16 × p × (1 − p) / d²`. కార్ట్ 6 నుంచి 7 శాతానికి పెరిగిందా అని చూడటానికి గ్రూపుకి తొమ్మిది, పది వేల మంది సరిపోతారు. కొనుగోలు 1.5 నుంచి 1.62కి పెరిగిందా అని చూడటానికి గ్రూపుకి దాదాపు 1,64,000 మంది కావాలి. నెలకి 20,000 మంది వచ్చే సైట్‌కి రెండు గ్రూపులకీ కలిపి అది పదహారు నెలలకి పైనే పని.

అందుకని చిన్న వ్యాపారి ఏం చేయాలి? ఒక్క గ్రైండర్ పేజీ మీదే కాకుండా, మిక్సీలు, ప్రెషర్ కుక్కర్లు, దోసె పెనాలు, ఇలా ఒకే రకమైన అనుమానాలుండే సరుకులన్నిటికీ ఒకేసారి పరీక్ష నడిపి, ఫలితాలు కలిపి చూడమంటాను. అయినా తేలకపోతే, కార్ట్ మీద వచ్చిన ఫలితంతో నిర్ణయం తీసుకోండి. కానీ దాన్ని 'అమ్మకాలు పెరిగాయి' అని ఎవరికీ చెప్పకండి.

మన దగ్గర క్యాష్ ఆన్ డెలివరీ ఉంది కాబట్టి ఇంకో మెట్టు దిగాలి. అనలిటిక్స్‌లో `purchase` అని కనపడేది ఆర్డర్ పెట్టిన క్షణం. సరుకు ఇంటికి చేరిందా, తలుపు దగ్గరే వద్దని వెనక్కి పంపారా, వారం తర్వాత రిటర్న్ చేశారా, అవేమీ దానికి తెలియవు. గ్రైండర్ బరువైన సరుకు, వెనక్కి వస్తే రెండువైపుల రవాణా ఖర్చూ మన నెత్తినే. పోనీ అనుకుందాం, వీడియో లేని గ్రూపు ఆర్డర్లలో 30, ఉన్న గ్రూపులో 24 వెనక్కి వచ్చాయి. నికరంగా 120, 138. చప్పుడూ కడగడమూ ముందే చూసినవాళ్ళు నిరాశపడి వెనక్కి పంపడం తగ్గడానికి అవకాశం ఉంది. నా దృష్టిలో గ్రైండర్‌లాంటి వస్తువుకి డెమో వీడియో అసలు లాభం కార్ట్‌లో కంటే ఇక్కడే వెతకాలి. ఈ తేడా కూడా ఇంత తక్కువమందితో తేలదు, అది గుర్తుంచుకోవాలి. ఆర్డర్ పట్టికలో ప్రతి ఆర్డర్ పక్కన గ్రూపు పేరు నమోదు చేసుకుంటే, రిటర్న్ గడువు ముగిశాక ఈ లెక్క తీయడం సులువు.

ఇక పరీక్ష ఎక్కడ చెడిపోతుందో కొంచెం చూద్దాం. మొదట చూడాల్సింది రెండు గ్రూపుల తలలెక్క. సగం సగం పంచినప్పుడు 10,000, 9,600 వచ్చాయనుకోండి. పెద్ద తేడా కాదనిపిస్తుంది. కానీ ఇంత తేడా దానంతటదే రావడం వెయ్యిసార్లలో నాలుగైదుసార్లు మాత్రమే జరుగుతుంది. ఎక్కువగా జరిగేదేమిటంటే, వీడియో ఉన్న పేజీ మామూలు ఫోన్‌లో నెమ్మదిగా తెరుచుకుంటుంది, లెక్కలోకి రాకముందే కొందరు వెళ్ళిపోతారు. మిగిలినవాళ్ళు ఓపిక ఉన్నవాళ్ళు. అప్పుడు పోలిక పాడైపోయినట్టే. ముందు పేజీ వేగం సరిచేసి, పరీక్ష మళ్ళీ మొదలుపెట్టాలి.

రెండోది, గ్రూపు మారిపోవడం. ఎవరు ఏ గ్రూపో చెప్పే గుర్తుని బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ కుకీగా దాస్తే, సఫారీ దాన్ని గరిష్ఠంగా ఏడు రోజులే ఉంచుతుంది. గ్రైండర్‌లాంటిది ఇంట్లో మాట్లాడుకుని పది రోజులకి కొనేవాళ్ళుంటారు. ఐఫోన్‌లో తిరిగి వచ్చినప్పుడు వాళ్ళు రెండో గ్రూపులో పడొచ్చు. కుకీని మీ సర్వర్ నుంచే పెట్టండి. లాగిన్ ఉంటే ఇంకా మంచిది.

మూడోది మన తొందర. రోజూ రిపోర్టు తెరిచి, తేడా బాగా కనపడిన రోజున ఆపేస్తే ఉత్త పేజీకి కూడా గెలుపు చూపించొచ్చు. ఎంతమంది వచ్చేదాకా నడపాలో ముందే రాసుకుని, వారాల లెక్కన పూర్తిగా నడపాలి. దసరా ముందు వీడియో పెట్టి, 'పెట్టకముందు, పెట్టాక' అని పోల్చేవాళ్ళకి పండగ అమ్మకాలు వీడియో ఖాతాలో పడతాయి. అది లెక్కే కాదు.

ఇంతకీ వీడియోలో జనం ఎంతవరకు చూశారన్న సమాచారం దేనికి? గూగుల్ అనలిటిక్స్ 4, పేజీలో పెట్టిన యూట్యూబ్ వీడియోలకి `video_start`, 10, 25, 50, 75 శాతం దగ్గర `video_progress`, చివర `video_complete` నమోదు చేయగలదు. వీడియో దానంతటదే మొదలయ్యేలా పెట్టి ఉంటే `video_start`కి అర్థం ఉండదు, అది మాత్రం గమనించండి. గ్రైండర్ వీడియోలో సగం దాటకముందే ఎక్కువమంది వెళ్ళిపోతున్నారని తేలితే, చివర్లో ఉన్న రాళ్ళు కడిగే ముక్క వాళ్ళు చూడనేలేదన్నమాట. పూర్తిగా చూసినవాళ్ళు ఎక్కువ కొన్నారు కాబట్టి ఆ ముక్కే గొప్పది అనకండి. అది మళ్ళీ ఆ 286 మంది కథే. కడిగే ముక్కని ముందుకి తెచ్చి కొత్త కూర్పు చేసి, పాత వీడియోని ఒక గ్రూపుకీ కొత్తదాన్ని రెండో గ్రూపుకీ చూపించండి. రెండు వీడియోల మధ్య తేడా ఇంకా చిన్నగా ఉంటుంది కాబట్టి, ఈసారి మొదటి పరీక్ష కంటే ఎక్కువ మంది, ఎక్కువ వారాలు కావాలి. సంక్రాంతి రద్దీ పూర్తయ్యాక మొదలుపెడితే మంచిది, పండగకి కొనేవాళ్ళు వీడియో చూసే తీరు మామూలు రోజుల్లా ఉండదు.