సర్వీస్ సెంటర్ ఇచ్చే జాబ్ షీట్ ఎందుకు దాచుకోవాలంటే

అందరికీ నమస్కారమండీ. నేను లాయర్ని కాదు. మా చెల్లి ఫోన్ గొడవలో కన్స్యూమర్ కమిషన్ దాకా వెళ్ళొచ్చా, ఆ తర్వాత తెలిసినవాళ్ళకి కంప్లయింట్లు రాసిపెడుతున్నా, అదీ నా అర్హత.

చెల్లి ఫోన్ కొన్న ఐదో నెల్లో డిస్‌ప్లే ఆగిపోయింది. జూన్ 9న సర్వీస్ సెంటర్‌లో ఇస్తే మూడ్రోజుల్లో ఇచ్చేస్తాం అన్నారు. తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే మాట, పార్ట్ రాలేదు మేడం, వచ్చే వారం రండి. ఇలా ఐదు వారాలు తిప్పి, ఆఖరికి ఏమన్నారో తెలుసా, లోపల తడి తగిలిందండీ, వారంటీ రాదు, డబ్బు కట్టాలి అని.

ఇక్కడ మమ్మల్ని కాపాడింది జూన్ 9 నాటి జాబ్ షీట్. అందులో ఫోన్ కండిషన్ దగ్గర గీతలు లేవు, తడి లేదు అని వాళ్ళ మనిషే రాశాడు, తేదీ ఉంది, ఐఎంఈఐ నంబర్ ఉంది. మరి ఐదు వారాల తర్వాత కనబడిన తడి ఎక్కడిది? అందుకే చెప్తున్నా, ఫోన్ ఇచ్చేటప్పుడు ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దు. ప్రాబ్లం మీరు చెప్పినట్టే రాశారా, కండిషన్ గడి ఖాళీగా వదిలేశారా చూడండి. ఖాళీగా ఉంటే అక్కడే రాయించండి, కౌంటర్ మీద పెట్టి ఫోన్‌ని నాలుగు వైపులా వీడియో తీసుకోండి, వాళ్ళు విసుక్కుంటే విసుక్కోనీ.

మేం చేసిన తప్పు కూడా చెప్పాలిగా. ఆ ఐదు వారాలూ అన్నీ ఫోన్ కాల్సే, ఒక్కదానికీ ఆధారం లేదు. అందుకని ఆరో వారంలో కంపెనీ గ్రీవెన్స్ మెయిల్‌కి, సర్వీస్ సెంటర్‌కి కలిపి ఒక మెయిల్ పెట్టాం, ఫలానా తేదీన ఇచ్చాం, ఫలానా ఫలానా తేదీల్లో ఇలా చెప్పారు, 15 రోజుల్లో బాగుచేసి ఇవ్వండి లేదా కొత్తది ఇవ్వండి లేదా డబ్బు వాపస్ చెయ్యండి అని. తర్వాత 1915కి, అంటే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి కంప్లయింట్ ఇచ్చాం. అది కంపెనీకి పంపిస్తుంది, చాలామందికి అక్కడే పనైపోతుంది కూడా, కానీ కంపెనీకి ఆర్డర్ వేసే అధికారం దానికి లేదు. మాకైతే మళ్ళీ పార్ట్ రాలేదనే జవాబే వచ్చింది!

ఇక మిగిలింది జిల్లా కన్స్యూమర్ కమిషన్. ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు. కంప్లయింట్ నిండా "మాన్యుఫాక్చరింగ్ డిఫెక్ట్, మాన్యుఫాక్చరింగ్ డిఫెక్ట్" అని రాస్తారు. అది నిరూపించడం కష్టమండీ, టెస్ట్ చేస్తేగానీ తేలదు అనుకుంటే కమిషన్ ల్యాబ్‌కి పంపొచ్చు, నెలలు పడుతుంది. అదే వారంటీలో ఉన్న ఫోన్‌ని తీసుకుని ఇన్ని వారాలు బాగుచెయ్యలేదు అంటే అది సేవాలోపం, దానికి ల్యాబ్ ఎందుకు, జాబ్ షీట్ మీద తేదీ, మన మెయిళ్ళ మీద తేదీలు చాలు. డిఫెక్ట్ మాట కూడా రాయండి, కానీ మొదట ఈ ఆలస్యాన్ని పెట్టండి. ఒకసారి పాడై సరిగ్గా బాగైన ఫోన్‌కి మొత్తం డబ్బు వాపస్ ఇమ్మంటే ఇవ్వకపోవచ్చు, అది కూడా గుర్తుంచుకోండి.

కంప్లయింట్‌ని ఈ-జాగృతి పోర్టల్లో వెయ్యొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరుండే జిల్లాలోనే వెయ్యొచ్చు, కంపెనీ ఆఫీసున్న ఊరికి పరిగెత్తక్కర్లేదు. కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, కంప్లయింట్ వెయ్యడానికి గడువు రెండేళ్ళు. కంపెనీ, సర్వీస్ సెంటర్, అమ్మిన షాపు, ముగ్గుర్నీ ప్రతివాదులుగా పెట్టండి, లేకపోతే ఒకళ్ళ మీద ఒకళ్ళు తోసేస్తారు. బిల్లు, జాబ్ షీట్, మెయిళ్ళు, అఫిడవిట్ జతచెయ్యాలి. ఏం కావాలో వరుసగా అడగండి: డబ్బు వాపస్, అది కుదరకపోతే కొత్త ఫోన్, దాంతోపాటు నష్టపరిహారం, ఖర్చులు. అడగనిది సాధారణంగా రాదు. నోటీసు అందాక వాళ్ళు 30 రోజుల్లో జవాబివ్వాలి, కావాలంటే కమిషన్ ఇంకో 15 రోజులు ఇవ్వొచ్చు. తీర్పుకి చట్టంలో మూడు నెలలు అని రాసుంది గానీ, నిజంగా అంతలో అయిపోతుందని నేనైతే ఆశ పెట్టను.

మాకు తీర్పు దాకా వెళ్ళలేదు. నోటీసు అందిన వారానికి కంపెనీ నుంచి ఫోన్, కొత్త ఫోన్ ఇస్తాం, కేసు వెనక్కి తీసుకోండి అని. చెల్లి వెంటనే సరే అనబోయింది, నేనాపి మెయిల్లో రాసి పంపమన్నా, ఫోన్ చేతికొచ్చి, కొత్త ఐఎంఈఐ పడిన కాగితం వచ్చాకే కమిషన్‌లో విత్‌డ్రా చేశాం.