పక్క ఫ్లాట్ టీవీ మన గదిలో వినబడుతుంటే గోడకు ఏం చేయాలి?

[దృశ్యం: విజయనగరం, మూడో అంతస్తు ఫ్లాట్. పడకగదిలో 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తున్న గోడ.]

ఈ గోడకు అవతల పక్కవాళ్ల హాలు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా ప్లాస్టరింగ్. వాళ్ల టీవీలో వార్తలు ఇక్కడ మాట మాటా తెలుస్తున్నాయి. అలా తెలుస్తుంటే ముందు సందులు వెతకండి.

[దగ్గరగా: మెయిన్ ఆపి, స్విచ్ బోర్డు విప్పుతూ.]

ఈ బాక్సు లోతు 2 అంగుళాలు. అటువైపు కూడా ఇదే చోట బాక్సు ఉంటే మధ్యలో మిగిలేది చాలా పలచటి గోడే. మన బోర్డును వేరే గోడకు మార్పించి, ఈ గుంతను ఇటుక ముక్కలు, సిమెంటుతో పూడ్పించండి. తర్వాత గోడ పైన, బీము కింద చూడండి. అక్కడ ఇటుకకీ బీముకీ మధ్య పగులు చాలా ఇళ్లలో ఉంటుంది. అగరుబత్తి పెడితే పొగ కదులుతుంది. పెద్ద సందుకు సిమెంటు, సన్న పగులుకు అక్రిలిక్ సీలెంట్ వాడండి. స్ప్రే ఫోమ్ తేలిక, శబ్దాన్ని ఆపదు.

[బొమ్మ: గోడ అడ్డుకోత.]

ఇంకా వినబడుతుందా? గోడ బరువు రెట్టింపు చేస్తే తగ్గేది 5, 6 డెసిబెల్స్. చెవికి సగమైనట్టు అనిపించాలంటే 10 తగ్గాలి. పైగా కింద బీము లేనిచోట స్లాబు మీద మరో ఇటుక గోడ కట్టకూడదు. అందుకే గాలి ఖాళీ వదిలి, తేలికైన రెండో గోడ వేస్తాం.

పాత గోడకు అంగుళం దూరంలో 2 అంగుళాల జీఐ ఫ్రేము నిలబెట్టాలి. దాన్ని నేలకు, స్లాబుకు, పక్క గోడలకు మాత్రమే, రబ్బరు పట్టీ మీద బిగించాలి. మధ్యలో 50 మి.మీ. రాక్‌వూల్, అంటే రాతి నారతో చేసిన మెత్త. పైన 12.5 మి.మీ. జిప్సం బోర్డు రెండు పొరలు, జాయింట్లు ఒకదాని మీద ఒకటి పడకుండా. 6×4 బోర్డులు పొరకు 5 చొప్పున మొత్తం 10, తరుగుకు ఇంకొకటి. గదిలో 4 అంగుళాలు పోతాయి. గోడకు చెమ్మ ఉంటే ముందు దాని సంగతి చూడండి, జిప్సం తడికి ఆగదు.

ఇక్కడ కార్పెంటర్లు ఎక్కువగా చేసే తప్పు, ఫ్రేము ఊగుతోందని పాత గోడకు క్లాంపు కొట్టడం. ఆ ఒక్క ఇనుప ముక్క మీదుగానే శబ్దం దాటేస్తుంది. ఇంకొందరు ఖాళీ ఎక్కువ వదలకుండా సన్న చెక్క పట్టీల మీద ఒకే బోర్డు బిగిస్తారు. లోపల చిక్కిన పలచటి గాలి స్ప్రింగులా పనిచేసి, డప్పు లాంటి బరువైన శబ్దం మునుపటికంటే పెరుగుతుంది. చివర్లో బోర్డు అంచుల చుట్టూ పావు అంగుళం వదిలి సీలెంట్ నింపాలి.

[దృశ్యం: పైకప్పు.]

పైవాళ్ల అడుగుల చప్పుడు ఈ గోడతో తగ్గదు, అది స్లాబులోంచి వస్తుంది. దాన్ని పైనే ఆపాలి. వాళ్లు టైల్స్ మార్చేటప్పుడు స్లాబు మీద రబ్బరు షీటు, దానిమీద కాంక్రీటు పొర, ఆపైన టైల్స్ వేయించుకోవాలి. ఆ పొర గోడలకు తగలకుండా చుట్టూ ఫోమ్ పట్టీ పెట్టాలి. స్కర్టింగ్ టైలు నేల టైలును తాకితే చప్పుడు మళ్లీ గోడల్లోకి దిగుతుంది, కాబట్టి ఆ సన్న సందులో సిమెంటు కాకుండా సీలెంటే నింపించమనండి.