యెన్ ఎగిసింది, బంగారం పడలేదు: సీఓటీ నివేదికపై స్టూడియో చర్చ

(హైదరాబాద్ స్టూడియోలో జరిగిన చర్చకు లిఖిత పాఠం ఇది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడిన చోట వినిపించినంత వరకే రాశాం. పాల్గొన్నవారు: ఒక కమోడిటీ బ్రోకరు, ఫైనాన్స్ బోధించే ఆచార్యురాలు, మందుల ఎగుమతి కంపెనీలో పనిచేసే ట్రెజరీ అధికారి.)

వ్యాఖ్యాత: నమస్కారం. అమీర్‌పేటలో ఒక శిక్షణ కేంద్రం ‘అమెరికా పెద్దల రహస్య నివేదిక’ పేరుతో పాఠాలు చెప్పిందట. అది నమ్మి, ధర పడుతుందని బంగారంలో షార్ట్‌కు, అంటే ముందే అమ్మకానికి, వెళ్ళిన కుర్రాళ్ళు నష్టపోయి ఇప్పుడు ఫీజు వెనక్కి ఇవ్వమంటున్నారు. సూటిగా అడుగుతున్నాను. విదేశీ ఫండ్లు మన సామాన్యుణ్ణి ముంచుతున్నాయా? ముందు మేడమ్ గారు.

ఆచార్యురాలు: అందులో రహస్యమేమీ లేదండీ. కమిట్‌మెంట్స్ ఆఫ్ ట్రేడర్స్, అందరూ సీఓటీ అంటారు. అమెరికాలో ఫ్యూచర్స్, అంటే ముందు తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకునే ఒప్పందాల మార్కెట్లను పర్యవేక్షించే సీఎఫ్‌టీసీ ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకు దాన్ని ఉచితంగా విడుదల చేస్తుంది. మనకు అప్పటికి శనివారం తెల్లవారుజామున ఒంటిగంట, చలికాలంలో రెండు. అయితే అందులో ఉండేది ఏ వర్గం ఎంత కొని, ఎంత అమ్మి ఉందో చెప్పే మంగళవారం సాయంత్రం నాటి లెక్క. అంటే మన చేతికి వచ్చేసరికే...

బ్రోకరు: పాచిపోయింది అంటారు, అంతే కదా? ఇరవై ఏళ్ళుగా వింటున్నాను మేడమ్ ఈ మాట. పాచి అన్నమైనా ఆకలి తీరుస్తుంది. 2024 యెన్ సంగతి చెబుతాను వినండి...

వ్యాఖ్యాత: చెప్పండి, చెప్పండి.

బ్రోకరు: 2024 జూలై 2. ధరల ఊగిసలాట మీద సంపాదించే స్పెక్యులేటర్లు యెన్‌లో నికరంగా, అంటే కొన్నవి తీసేస్తే, సుమారు 1.84 లక్షల కాంట్రాక్టులు షార్ట్. 2007 తర్వాత అంత షార్ట్ ఎప్పుడూ లేదు. ఒక్కో కాంట్రాక్టు కోటి 25 లక్షల యెన్లు. గుణించండి. 2.3 లక్షల కోట్ల యెన్లు, దాదాపు 1,400 కోట్ల డాలర్లు! డాలరుకు 162 యెన్ల దగ్గర నిలబడి అందరూ ఒకటే పాట, యెన్ ఇంకా పడుతుందని. ఒకే తలుపున్న బస్సు, లోపల ఊరంతా! ఎవడో ‘పొగ’ అని అరిస్తే ఏమవుతుంది? ఆగస్టు 5న అదే అయింది. డాలర్ 142కు పడింది, జపాన్ నిక్కీ ఒక్కరోజులో 12 శాతానికి పైగా కూలింది. నివేదిక నెల ముందే చెప్పింది. ఇంతకంటే ఏం కావాలి?

వ్యాఖ్యాత: అంటే పెద్దవాళ్ళకు ముందే తెలుసన్నమాట! సామాన్యుడికి మాత్రం...

ఆచార్యురాలు: ఆయన చెప్పిన అంకెలు నిజమే. చెప్పని అంకెలు కూడా ఉన్నాయి. అదే ఏడాది ఏప్రిల్ 23 నాటి నివేదికలో నికర షార్ట్ అప్పటికే దాదాపు 1.8 లక్షలు. ఆ రోజు డాలర్ 155 దగ్గర. బస్సు నిండింది కదా అని ఆ వారం యెన్ కొన్నవాళ్ళ సంగతి చూడండి. జపాన్ ప్రభుత్వం జోక్యం చేసుకున్నప్పుడు కొన్ని రోజులు ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత జూలై మొదటి వారానికి డాలర్ 162 దగ్గరకు వెళ్ళింది. ఒక్క కాంట్రాక్టుకు సుమారు 3,500 డాలర్ల నష్టం. ఆగస్టు దాకా నిలవాలంటే మధ్యలో మార్జిన్, అంటే నష్టానికి పూచీగా పెట్టే డబ్బు, కడుతూనే ఉండాలి. బస్సు ఎంత నిండిందో నివేదిక చెబుతుంది, అంతే. పొగ ఎప్పుడు వస్తుందో...

బ్రోకరు: వచ్చిందా లేదా?

ఆచార్యురాలు: వచ్చింది, కానీ...

బ్రోకరు: వచ్చింది! రాసుకోండి, మేడమ్ ఒప్పుకున్నారు.

(నవ్వులు)

వ్యాఖ్యాత: ట్రెజరీ సార్, మీరు మౌనంగా ఉన్నారు. మీ కంపెనీని ఈ ఫండ్లు ముంచాయా?

ట్రెజరీ అధికారి: ఎవరూ ముంచలేదండీ. యంత్రాల బిల్లులు కొన్ని మేము యెన్లలో కట్టాలి. యెన్ బాగా చౌకగా ఉన్నప్పుడు ‘ఇంకా పడుతుంది, ఆగుదాం’ అనే ఒత్తిడి లోపలినుంచే వస్తుంది. అప్పుడు నేను ఈ కాగితం బల్ల మీద పెడతాను. అందరూ ఒకవైపే ఉన్నారంటే, తిరిగినప్పుడు నెమ్మదిగా తిరగదని అర్థం. కాబట్టి చెల్లించాల్సిన దానిలో సగానికి ఫార్వర్డ్ కొనేస్తాం, అంటే రేటు బ్యాంకుతో ముందే ఖాయం చేసుకుంటాం. యెన్ ఎటు పోతుందని దీన్ని అడగను. తప్పయితే దెబ్బ ఎంత గట్టిగా తగులుతుందని మాత్రమే అడుగుతాను.

బ్రోకరు: నేను చెప్పిందే ఆయన మర్యాదగా చెప్పారు.

ట్రెజరీ అధికారి: అదే కాదేమో సార్. మీరు దీన్ని చూసి పందెం కాస్తారు...

బ్రోకరు: పందెం అనకండి! వ్యాపారం! అసలు ఈ దేశంలో వ్యాపారం చేయనిస్తున్నారా? 2021లో గోధుమ, శనగ, సోయా, ఆవాలు, పామాయిల్ అన్నిటి ఫ్యూచర్స్ ఆపేశారు. కరెన్సీలో చూస్తే, చేతిలో అసలు డాలర్ బాకీ ఉంటేనే రమ్మని 2024లో రిజర్వు బ్యాంకు గట్టిగా చెప్పేసరికి ఎక్స్ఛేంజీ వెలవెలబోయింది. కుర్రవాడు ఎక్కడికి పోతాడు? విదేశీ యాప్‌లకు పోతాడు!

ట్రెజరీ అధికారి: ఆ యాప్‌లలో చాలావాటికి ఇక్కడ అనుమతే లేదు. డబ్బు పోతే అడగడానికి ఎవరూ ఉండరు.

వ్యాఖ్యాత: చూశారా, మళ్ళీ సామాన్యుడే! విదేశీ శక్తులు...

ఆచార్యురాలు: అయ్యా, మనం బంగారం దగ్గర మొదలుపెట్టాం. ఆ పిల్లలు ఎందుకు నష్టపోయారో ఇంకా ఎవరూ చెప్పలేదు. (చేతిలోని కాగితం కెమెరా వైపు తిప్పుతూ) ఇది బంగారం పేజీ. ఇదిగో, ‘కమర్షియల్’ అన్న గడి. ఇందులో షార్ట్ ఎక్కువ, లాంగ్, అంటే కొన్నవి, తక్కువ. ఆ కేంద్రంలో చెప్పిన పాఠమంతా ఇదే: కమర్షియల్స్ తెలివైనవాళ్ళు, వాళ్ళు అమ్ముతున్నారు, మీరూ అమ్మండి. కానీ ఈ గడిలో ఉన్నది ఎవరు? గని యజమానులు, శుద్ధి చేసేవాళ్ళు, బంగారం నిల్వ ఉంచుకున్న బ్యాంకులు. సికింద్రాబాద్ జనరల్ బజారులో దుకాణంలో పది కిలోల సరుకున్న షావుకారు ధర పడితే మునగకూడదని ఫ్యూచర్స్‌లో పది కిలోలు అమ్ముకుంటాడు. ధర పడుతుందని ఆయన జోస్యం చెబుతున్నాడా?

వ్యాఖ్యాత: లేదు...

ఆచార్యురాలు: లేదు కదా. అందుకే బంగారంలో కమర్షియల్స్ దాదాపు ఎప్పుడూ నికర షార్ట్‌లోనే ఉంటారు. 2024 మొదట్లో ఔన్సు రెండు వేల డాలర్ల పైచిలుకు. 2025 అక్టోబరుకు నాలుగు వేలు దాటింది. ఆ దారి పొడవునా వాళ్ళు షార్టే. మన కుర్రవాడు ఇక్కడి కమోడిటీ ఎక్స్ఛేంజీ ఎంసీఎక్స్‌లో ఒక్క గోల్డ్ మినీ లాట్ అమ్మాడనుకోండి, అంటే వంద గ్రాములు. పది గ్రాముల ధర వెయ్యి రూపాయలు పెరిగితే అతనికి పదివేలు పోయినట్టే. షావుకారుకూ ఫ్యూచర్స్‌లో పోతుంది, కానీ దుకాణంలోని సరుకు విలువ అంతే పెరుగుతుంది. కుర్రవాడి దగ్గర ఆ సరుకు లేదు.

(కొద్ది క్షణాలు నిశ్శబ్దం)

బ్రోకరు: బాగా చెప్పారు. కానీ అది చదవడం రానివాళ్ళ తప్పు, నివేదికది కాదు. ఫండ్ల గడి చూడాలి, ‘మేనేజ్డ్ మనీ’ అని వేరే ఉంటుంది. 2009 నుంచి కమోడిటీలకు విడగొట్టి ఇస్తున్నారు. నేను అదే చూస్తాను. యెన్‌లో జరిగింది కూడా...

ఆచార్యురాలు: మళ్ళీ యెన్‌కే వస్తే, అసలు చిక్కు అక్కడే ఉంది. జూలై 2న 1.84 లక్షలున్న షార్ట్, జూలై 30 మంగళవారానికి సుమారు 73 వేలకు దిగింది. జపాన్ కేంద్ర బ్యాంకు వడ్డీ పెంచింది మర్నాడు, బుధవారం. 73 వేల అంకె మనం చూసింది శనివారం తెల్లవారుజామున. సోమవారం కూలింది. ఆ శనివారం ఆ కాగితం చదివినవాడు ఏమనుకోవాలి? సగానికిపైగా జనం దిగిపోయారు, ఇక ప్రమాదం తీరిందని అనుకోవచ్చు కదా?

బ్రోకరు: తప్పు! జనం తోసుకుంటూ దిగుతున్నారని అనుకోవాలి!

ఆచార్యురాలు: ఒకే అంకెను రెండు రకాలుగా చదివితే, తర్వాత జరిగింది చూసి మనం సరైన అర్థం ఎంచుకుంటున్నామన్నమాట.

బ్రోకరు: మేడమ్, మార్కెట్ తరగతి గది కాదు. ఆగస్టు 6కు 11 వేలు, ఆగస్టు 13కు తిరగబడి 23 వేల నికర లాంగ్! ఆరు వారాల్లో 1.84 లక్షల షార్ట్ కాస్తా లాంగ్ అయిపోయింది. ఇది కళ్ళ ముందు కనిపించిన గుంపు. ఏప్రిల్‌లో తొందరపడ్డవాడు తొందరపడ్డాడు, నేను పడలేదు.

ట్రెజరీ అధికారి: ఇంకొకటి. ఫ్యూచర్స్‌లో కనిపించేది ఆ గుంపులో ఒక ముక్కే. బ్యాంకుల మధ్య నేరుగా జరిగే ఫార్వర్డ్‌లు, మార్పిడి ఒప్పందాలైన స్వాప్‌లు ఇందులో ఉండవు. యెన్‌లో అప్పు తెచ్చి బయట పెట్టినవాళ్ళు ఎక్కువగా ఉండేది అక్కడే. ఫ్యూచర్స్ షార్ట్ సగం కరిగాక కూడా సోమవారం అంత దెబ్బ తగలడానికి అదొక కారణం కావచ్చు.

వ్యాఖ్యాత: అంటే కనిపించని పెద్ద చేతులు ఉన్నాయి!

ట్రెజరీ అధికారి: చేతులు కాదండీ, ఒప్పందాలు.

వ్యాఖ్యాత: అదే, అదే. ప్రేక్షకుల ఓటు వచ్చింది: ‘సీఓటీతో సంపాదించవచ్చా?’ ఎక్కువమంది అవునన్నారు. బ్రోకరు గారికి అభినందనలు!

బ్రోకరు: (కెమెరా వైపు) ధన్యవాదాలు. గుంపు ఎటుంటే దానికి ఎదురు నిలవండి, అంతే.

ఆచార్యురాలు: మరి ఈ ఓటులో గుంపు మీ వైపే ఉందిగా!

(నవ్వులు, ఒకేసారి మాటలు)

ట్రెజరీ అధికారి: పైగా నివేదిక ఎప్పుడూ వస్తుందన్న హామీ కూడా లేదు. 2025 అక్టోబరులో అమెరికా ప్రభుత్వ కార్యాలయాలు మూతపడినప్పుడు ఇది వారాలపాటు రాలేదు. మూత తీశాక పాతవన్నీ వరుసగా ఇచ్చారు. ఆ వారాల్లో బంగారం ఎంత ఊగిందో మీకు తెలుసు.

బ్రోకరు: అప్పుడు ధర చూసి నడిచాం.

ఆచార్యురాలు: ఒక్క మాట చెప్పి ముగిస్తాను. నికర అంకె ఒక్కటే చూడవద్దు. లక్ష షార్ట్, 20 వేల లాంగ్ ఉన్నా నికరం 80 వేలే. రెండు లక్షల షార్ట్, లక్షా 20 వేల లాంగ్ ఉన్నా 80 వేలే. మొదటిది గుంపు, రెండోది కొట్లాట. ఇదిగో, ఈ పేజీ కిందనే ట్రేడర్ల సంఖ్య కూడా ఇస్తారు, పెద్ద నలుగురి చేతిలో ఎంత వాటా ఉందో కూడా...

వ్యాఖ్యాత: మేడమ్, సమయం అయిపోయింది. బ్రోకరు గారూ, పది సెకన్లు. సోమవారం బంగారం ఎటు?

బ్రోకరు: శనివారం నివేదిక వచ్చాక చెబుతాను.

ఆచార్యురాలు: మంగళవారం నాటి నివేదిక.

బ్రోకరు: శనివారం వచ్చేది మేడమ్, శనివారం...

(సంగీతం)