వైట్ ప్లేట్ కారు కిరాయికి తిప్పితే క్లెయిమ్ ఏమవుతుంది?

హోస్ట్: నమస్కారం. గుంటూరు నుంచి ఒక శ్రోత రాశారు. సొంతానికి కొన్న కారు ఇంట్లో ఖాళీగా ఉంటోందట. తెలిసినవాళ్ళ ద్వారా ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులకు పంపితే ఈఎంఐకి సాయం అవుతుందని ఆలోచన. ఇన్సూరెన్స్ ఉంది కదా, టెన్షన్ ఎందుకు అని అడిగారు. మోటార్ క్లెయిమ్‌లు చూసే సర్వేయర్ గారు మనతో ఉన్నారు. సార్, ఆ పాలసీ పనికొస్తుందా?

సర్వేయర్: కిరాయి ట్రిప్పుకు పనికిరాదమ్మా. ప్రైవేట్ కారు పాలసీ తీసి చూస్తే, బండిని దేనికి వాడుకోవచ్చో చెప్పే పేరా ఒకటి ఉంటుంది. డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకోవడం ఒకటి, శాంపిళ్ళు, సొంత సామాను తప్ప వేరే సరుకు మోయడం రెండోది, ఇవి రెండూ కుదరవని అక్కడే రాసి ఉంటుంది. ఇది ఏదో ఒక కంపెనీ పెట్టిన మెలిక కాదు. దేశమంతా దాదాపు అన్ని ప్రైవేట్ పాలసీల్లోనూ ఇదే వాక్యం.

హోస్ట్: ఎందుకు అంత గట్టిగా?

సర్వేయర్: కిరాయి బండి రోజంతా రోడ్డు మీద ఉంటుంది, రాత్రిళ్ళు తిరుగుతుంది, డ్రైవర్లు మారుతుంటారు. ప్రమాదం జరిగే అవకాశం ఎక్కువ. ప్రీమియంలోనే ఆ తేడా కనిపిస్తుంది. ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం రేట్లు, 2022లో ప్రకటించినవి చూడండి. 1000 నుంచి 1500 సీసీ మధ్య ప్రైవేట్ కారుకు ఏడాదికి 3,416 రూపాయలు. అదే బండి టాక్సీ అయితే 7,940, పైగా ఒక్కో ప్యాసింజర్‌కు 978. నలుగురు ప్యాసింజర్లంటే మొత్తం 11,852. మూడు రెట్లు దాటింది. సొంత కారు ప్రీమియం కట్టి టాక్సీ రిస్క్ పెడితే, ఆ రిస్క్ మేం తీసుకోలేదు అని కంపెనీ అంటుంది.

హోస్ట్: సరే, ఒక కేసు అనుకుందాం. వైట్ ప్లేట్ కారు, ఇద్దరు ప్యాసింజర్లతో రాత్రిపూట ఎయిర్‌పోర్ట్ వైపు పోతూ బైక్‌ను గుద్దింది. కారు ముందుభాగం నుజ్జయింది, బైక్ మీదున్న మనిషి కాలు విరిగింది. ఏం జరుగుతుంది?

సర్వేయర్: రెండు దారులు. ముందు సొంత కారు నష్టం. రిపేరుకు కోతలన్నీ పోను 2,40,000 రావాల్సి ఉందనుకుందాం. నేను వెళ్ళి కారు చూస్తాను, ఎఫ్‌ఐఆర్ చదువుతాను. అందులో ప్యాసింజర్ల పేర్లుంటాయి. వాళ్ళు మీకేమవుతారు అని ఓనర్‌ను అడుగుతాను. బంధువులే అంటారు. కంపెనీ పంపిన ఇన్వెస్టిగేటర్ అదే ప్యాసింజర్‌ను అడిగితే, ఇంతకు మాట్లాడుకుని ఎక్కాం అని ఆయన మామూలుగా చెప్పేస్తాడు. ఫోన్‌లో చెల్లింపు చేసిన రికార్డు కూడా ఉంటుంది. అక్కడితో కిరాయి తేలిపోతుంది. కంపెనీ నుంచి తిరస్కరణ లెటర్ వస్తుంది.

హోస్ట్: అంటే ఒక్క రూపాయి కూడా రాదా?

సర్వేయర్: చాలామంది లెటర్ రాగానే ఊరుకుంటారు, అది నాకు బాధగా ఉంటుంది. సుప్రీంకోర్టు 2010లో అమలేందు సాహూ కేసులో ఏం చెప్పిందంటే, వాడకం షరతు తప్పినంత మాత్రాన సొంత నష్టం క్లెయిమ్‌ను పూర్తిగా కొట్టేయడం సరికాదని. అంతకుముందు 2008లో నితిన్ ఖండేల్వాల్ కేసులో కిరాయికి తిరిగే ప్రైవేట్ బండి దొంగతనానికి గురైంది. అందులోనూ 75 శాతం ఇవ్వాలన్న ఆదేశాన్ని కోర్టు నిలబెట్టింది. దీన్ని మా వాళ్ళు నాన్ స్టాండర్డ్ సెటిల్‌మెంట్ అంటారు. మన కేసుకు ఆ లెక్క కడితే 1,80,000 వస్తుంది. కానీ ఇది కౌంటర్‌లో అడగ్గానే ఇచ్చే డబ్బు కాదు. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి, తర్వాత హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికో, కన్స్యూమర్ కమిషన్‌కో వెళ్ళాలి. కంపెనీ తుది జవాబు ఇచ్చాక అంబుడ్స్‌మన్‌కు ఏడాది లోపు వెళ్ళాలి. పైగా కిరాయికి తిప్పడానికి కావాల్సిన ఆర్టీఓ పర్మిట్ లేకపోవడం పాలసీ మూలానికే దెబ్బ అని కంపెనీ లాయర్ వాదిస్తాడు. కాబట్టి 75 శాతం ఖాయం అని నేను చెప్పను.

హోస్ట్: మరి బైక్ మనిషి?

సర్వేయర్: అసలు ప్రమాదం అక్కడే ఉందమ్మా. రోడ్డు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఆయనకు 9 లక్షలు ఇవ్వమందనుకుందాం. పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పారు కాబట్టి మాకు బాధ్యత లేదు అనడానికి మోటారు వాహనాల చట్టమే కంపెనీకి వీలిస్తుంది. అయినా దెబ్బ తగిలినవాడు నష్టపోకూడదని కోర్టులు ఒక దారి పట్టాయి. 2004లో ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్ళిన చల్లా భారతమ్మ కేసులో ఆటోకు పర్మిట్ లేదు. సుప్రీంకోర్టు, ముందు కంపెనీ కట్టాలి, తర్వాత ఓనర్ నుంచి వసూలు చేసుకోవచ్చు అంది. 2018లో అమృత్ పాల్ సింగ్ కేసులోనూ అదే మాట. అంటే బాధితుడికి 9 లక్షలు అందుతాయి, కంపెనీ ఆ 9 లక్షల కోసం మీ దగ్గరికి వస్తుంది. దానికి వేరే దావా కూడా అక్కర్లేదు, అదే ట్రిబ్యునల్‌లో వసూలు పిటిషన్ వేస్తుంది. అవసరమైతే బండిని అటాచ్ చేయిస్తుంది.

హోస్ట్: రిపేరు ఖర్చు కంటే ఇదే పెద్దది కదా! ఆ రోజు ట్రిప్ లేదు, ఇంట్లోవాళ్ళతో గుడికి వెళ్తున్నాం, అప్పుడు గుద్దింది అనుకోండి?

సర్వేయర్: మంచి ప్రశ్న. ప్రమాదం జరిగిన సమయంలో కిరాయికి వాడుతున్నారని రుజువు చేయాల్సింది కంపెనీయే. ఇంట్లోవాళ్ళతో ఉంటే మీ పక్షం గట్టిదే. కానీ నెలల తరబడి ట్రిప్పులు కొట్టిన రికార్డు దొరికితే, పాలసీ తీసుకునేటప్పుడు అసలు వాడకం దాచారని కంపెనీ మరో వాదన ఎత్తుతుంది. అందుకే క్యాబ్ యాప్ ఆఫ్ చేశాం కదా అని ధైర్యంగా ఉండడం నాకు నచ్చదు.

హోస్ట్: యాప్ కంపెనీలు ఇన్సూరెన్స్ ఇస్తాయి అంటారుగా?

సర్వేయర్: 2020 నాటి కేంద్రం మార్గదర్శకాల్లో యాప్ కంపెనీలు డ్రైవర్‌కు 5 లక్షల ఆరోగ్య బీమా, 10 లక్షల టర్మ్ బీమా ఇవ్వాలని ఉంది. అది మనిషికి. మీ కారు బంపర్‌కు దాంతో సంబంధం లేదు.

హోస్ట్: సరైన దారి ఏంటి మరి?

సర్వేయర్: ముందు లోన్ ఇచ్చిన బ్యాంకు అనుమతి తీసుకోండి. ఆర్టీఓ దగ్గర ట్రాన్స్‌పోర్ట్ వాహనంగా మార్పించాలి, ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ట్యాక్స్, పర్మిట్, పసుపు ప్లేట్ అన్నీ కావాలి. ఆ తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టి, ప్యాసింజర్లను మోసే వాహనం పాలసీకి మార్చమనాలి. తేడా ప్రీమియం కట్టి, కొత్త కాగితంలో వాడకం పేరా మారిందో లేదో కళ్ళతో చూసుకోవాలి. ఏజెంట్ చూసుకుంటాడులే అని వదిలేయొద్దు. పర్మిట్ రాకముందే ట్రిప్ మొదలుపెట్టొద్దు. పర్మిట్ లేకపోతే మొదటిసారికే 10,000 జరిమానా, జైలు శిక్షకు కూడా చట్టంలో వీలుంది.

హోస్ట్: డ్రైవర్ లైసెన్స్?

సర్వేయర్: మామూలు కారు లైసెన్స్ చాలు. 7,500 కిలోల లోపు బండ్లకు వేరే ట్రాన్స్‌పోర్ట్ ముద్ర అక్కర్లేదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

హోస్ట్: చివరిగా, ప్యాసింజర్లు వద్దు, పార్సిళ్ళు మాత్రమే డెలివరీ చేస్తాం అనేవాళ్ళకు?

సర్వేయర్: సరుకు మోయడం కుదరదని కూడా అదే పేరాలో ఉంది. కారు డిక్కీలో కేకుల పెట్టెలున్నా, మందుల బాక్సులున్నా, వేరేవాళ్ళ సరుకు డబ్బుకు మోస్తుంటే అది డెలివరీయే. అలాంటి క్లెయిమ్‌లో నేను ముందు అడిగేది డెలివరీ బిల్లులు, డిక్కీ ఫోటోలు. కాబట్టి మొదటి పార్సిల్ ఎక్కించకముందే, ఈ వాడకానికి కవర్ ఉందా అని కంపెనీకి మెయిల్ రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట క్లెయిమ్ రోజున రుజువు చేయడం చాలా కష్టం.